రెండో పేజీ

పెళ్లిచూపుల నాడు రామమూర్తి గారు ప్రవీణను అడిగిన మొదటి ప్రశ్న వంట గురించి కాదు, పాట గురించీ కాదు.

"పాత ఒడియా రాత సదవగలవా అమ్మీ? గొలుసుకట్టుగా రాసింది?"

ప్రవీణకు ఆ సంబంధం అక్కడికక్కడే నచ్చేసింది. కోరాపుట్‌ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగి, ఒడియా మీడియంలో చదివి, చరిత్రలో ఎమ్మే పూర్తిచేసిన పిల్ల. "ఆ సదువుతో ఏటి సేస్తావమ్మీ" అని చుట్టాల్లో అడగనివాళ్లు లేరు. ఇన్నాళ్లకు ఒక పెద్దమనిషి తన చదువు గురించే ముందు అడిగాడు. చదవగలనని చెప్పింది. ఆయన కొడుకు సిద్దు అప్పుడే తలెత్తి ఆమె వైపు చూసి నవ్వాడు. మిగిలిన మాటలన్నీ తేలిగ్గా కుదిరిపోయాయి.

నవంబరులో పెళ్లయింది. రాయగడలో వాళ్లది బట్టల హోల్‌సేల్‌ దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. కొత్త థాన్ల వాసన మెట్ల మీదుగా పడకగదిలోకి వచ్చేది. ఆ వాసనంటేనే ప్రవీణకు సంతోషం. పొద్దున్నే అత్తగారు కమలాంబ ఇచ్చే అల్లం టీ అంటే సంతోషం. సిద్దు దుకాణంలోంచి పైకి వచ్చేటప్పుడు మెడలో మర్చిపోయి వేసుకొచ్చే కొలత టేపు అంటే మరీ సంతోషం. "మెళ్లో దండ ఏసుకుని తిరుగుతున్నావేటి బావా, పెళ్లి అయిపోయింది కదా" అని ఏడిపించేది. అతను టేపు తీసి ఆమె నడుముకు చుట్టి, అంకె చదివి, "పెరిగేవు" అనేవాడు. పెరగలేదని ఇద్దరికీ తెలుసు.

కొత్త సంవత్సరం వచ్చిన వారానికి మామగారు ఒక జిరాక్సు కాగితం తెచ్చి ఆమె చేతికిచ్చారు.

"లక్ష్మీపూర్‌లో మన గోదాం ఉన్న జాగా కాగితం ఇది. మా తాత కొన్నాడు. అసలుది బీరువాలో ఉంది, ముట్టుకుంటే పొడైపోద్ది. ఏటి రాసుందో సదివి సెప్పు. నెలాఖరున కోరాపుట్‌లో విచారణ ఉంది."

విచారణ ఎందుకో సిద్దు చెప్పాడు. ఆ జాగా ఒకప్పుడు ఒక కోంధు గిరిజన కుటుంబానిది. వాళ్ల మనవడు బిజయ్‌ మాఝీ అని లక్ష్మీపూర్‌ దగ్గర బడిలో మాస్టరు, జాగా తమకు తిరిగి రావాలని రెండేళ్ల కిందట అర్జీ పెట్టాడు. 1956 అక్టోబరు నాలుగున వచ్చిన చట్టం ప్రకారం, ఆ తేదీ తరువాత అనుమతి లేకుండా గిరిజనుల చేతిలోంచి ఇతరుల చేతికి పోయిన భూమి చెల్లదు.

"మరి అంతకు ముందు కొన్నదైతే?"

"అప్పుడింకో పాత సట్టం, అది వేరే గొడవ. ఈ కేసు మట్టుకు నిలబడదంటన్నాడు మన వకీలు కామేష్‌. అంతా ఆ తేదీ మీదే ఉంది. నువ్వు సూడు."

ప్రవీణ ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో కాగితం చదివింది. ఎడమవైపు కింది మూల ఏ రాతా లేదు, తెల్లగా ఉంది. అసలు కాగితాన్ని అక్కడ చెదలు తినేసి ఉంటాయనుకుంది. మిగతాది చక్కని చేతిరాత. లేఖరి పేరు, హద్దులు, వేలిముద్ర, చివర్న తేదీ. సన్‌ 1364 సాల, మాఘ శుక్ల పంచమి.

తేదీ చదివేసరికి ఆమెకు మనసాగలేదు. రాత్రి భోజనాలు కాకముందే సిద్దును పట్టుకుని గదిలో కూర్చోబెట్టింది.

"దుకాణంలోంచి రెండు టేపులు తే బావా."

"ఎందుకే?"

"తే, సెప్తాను."

రెండు టేపులూ మంచం మీద ఒకదాని కింద ఒకటి పరిచింది. ఒకదాన్ని సరిగ్గా దిండు అంచు నుంచి పరిచింది. రెండోదాన్ని కొంచెం పక్కకి జరిపి పెట్టింది.

"పైది ఇంగ్లీషు సంవత్సరాలు. ప్రతి గడీ జనవరిలో మొదలవుతుంది. కిందది ఒడిశా సన్‌. అది సునియా నాడు మొదలవుతుంది. భాద్రపద శుద్ధ ద్వాదశి. ఆగస్టు చివరో, సెప్టెంబరో."

"ఆ రోజు పూరీ రాజుగారి కొత్త సంవత్సరం అంటారు, అదేనా?"

"అదే. చూడు, రెండు టేపుల గళ్లూ ఎక్కడా ఒక గీత మీద కలవవు. అందుకే ఒక సన్‌ సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద కూర్చుంటుంది. సునియా నుంచి డిసెంబరు వరకు సన్‌కి 592 కలపాలి. జనవరి ఒకటిన పై టేపు ఒక గడి ముందుకు వెళ్లిపోతుంది, కిందది అక్కడే ఉంటుంది. అప్పుడు 593 కలపాలి. మళ్లీ సునియా వచ్చి కింద గడి మారేదాకా అంతే."

సిద్దు తల గోక్కున్నాడు. "ఒకటే అంకె పెట్టుకుంటే పోయేది కదా."

"పోదు. మన పెళ్లి ఎప్పుడయింది?"

"నవంబరులో."

"సన్‌ ఎంత అప్పుడు? 1433. గోడ మీద ఒడియా పంచాంగం, ఆ పంజీలో చూడు, ఇవాళ ఎంత? ఇప్పుడూ 1433. సునియా రాలేదు కదా, మారదు. మరి 1433కి ఎప్పుడూ 592యే కలిపితే ఇవాళ 2025 జనవరి అవుతుంది. అప్పటికి నువ్వెవరో నాకు తెలీదు. నీ మంచం మీద కూర్చుని టేపులు పరిచే హక్కు నాకు లేదు."

సిద్దు పగలబడి నవ్వాడు. కింద నుంచి కమలాంబ, "ఏటర్రా ఆ నవ్వులు, అన్నం సల్లారిపోతంది" అని కేకేసింది. ప్రవీణకు ఆ కేక కూడా బాగుంది.

నవ్వు ఆగాక ఆమె వేలితో కింది టేపు మీద ఒక చోట చూపించింది. "సన్‌ 1364 సునియా 1956 సెప్టెంబరులో వచ్చింది. మాఘం ఎప్పుడొస్తుంది? జనవరి, ఫిబ్రవరుల్లో. అంటే 593 కలపాలి. 1957 ఫిబ్రవరి."

సిద్దు నవ్వు మొహం మీదే ఉండిపోయింది, లోపల మాత్రం లేదు. "592 కలిపితే?"

"1956 మాఘం. చట్టానికి ఎనిమిది నెలలు ముందు. కానీ అది తప్పు. సన్‌ 1364 అప్పటికింకా పుట్టలేదు."

అతను రెండు టేపులూ చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. "నాన్నతో నేను సెప్తాను. నువ్వేటీ అనకు. పెద్దాయన కంగారుపడతాడు. కామేష్‌కి సెప్పి, ఉన్నది ఉన్నట్టు సెప్పి, ఏదో దారి సూస్తాం."

ఉన్నది ఉన్నట్టు అన్నాడు. ఆ రాత్రి ప్రవీణ హాయిగా నిద్రపోయింది. భర్త మంచివాడని తెలియడం కంటే పెద్ద సంతోషం ఏముంటుంది?

నాలుగు రోజుల తరువాత అతనే వచ్చి అడిగాడు. వకీలుకి కావాలట, కాగితం చదివి లెక్క ఎలా కట్టిందో ఒడియాలో రాసివ్వమన్నాడు. "పాఠం సెప్పినట్టు రాయి. ముందు మామూలు లెక్క, తరువాత మార్పు ఎక్కడొస్తుందో. ప్రతి పేజీ కిందా పేరు, సదువు రాసి సంతకం పెట్టు. ఆఫీసు కాగితాలకి అలాగే ఉండాలి."

ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలు రాసింది. మొదటి పేజీలో కాగితం సారాంశం, సన్‌ అంటే ఏమిటో, దానికి 592 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని, 1364కి కలిపితే 1956 అని. పేజీ అయిపోయింది. సంతకం పెట్టింది. రెండో పేజీలో, ఈ లెక్క సునియా నుంచి డిసెంబరు వరకే చెల్లుతుందని, జనవరి నుంచి 593 కలపాలని, మాఘం జనవరి తరువాతే వస్తుంది కాబట్టి ఈ కాగితం 1957 ఫిబ్రవరి నాటిదని. మళ్లీ సంతకం. సిద్దు రెండు పేజీలూ తీసుకుని, ఆమె బుగ్గ గిల్లి వెళ్లాడు.

విచారణ సరస్వతీ పూజ అయిన నాలుగో రోజు. "నువ్వెందుకే, రోజంతా వరండాలో కూకోవాలి" అన్నాడు సిద్దు. ప్రవీణ వినలేదు. కోరాపుట్‌ అంటే పుట్టిల్లు. పైగా ఆ లైన్లో సొరంగాలు. పెళ్లయ్యాక అతనితో ఆ సొరంగాల్లోంచి వెళ్లడం ఇదే మొదటిసారి. రైలు చీకట్లోకి వెళ్లినప్పుడల్లా ఆమె అతని చెయ్యి పట్టుకుని, వెలుగు రాగానే వదిలేసేది. ఎదురు సీట్లో మామగారు కళ్లు మూసుకుని ఉన్నారు, ఒళ్లో తోలు సంచి. ఆరో సొరంగం దగ్గర సిద్దు చెయ్యి చెమర్చి ఉండటం ఆమెకు తెలిసింది. ఉక్క అనుకుంది. జనవరిలో కోరాపుట్‌ కొండల మీద ఉక్క ఎక్కడిదని అప్పుడు తోచలేదు.

ఆఫీసు వరండాలో జనం బాగానే ఉన్నారు. కామేష్‌, సిద్దు ఏదో మాట్లాడుకుంటూ టీ కొట్టు వైపు వెళ్లారు. సంచి బెంచీ మీద, ప్రవీణ పక్కన పెట్టి, మామగారు చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. అప్పుడే ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక నడివయసు మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ప్రవీణ అంటే మీరేనా?" అని ఒడియాలో అడిగాడు. "నేను బిజయ్‌. మాస్టర్ని."

ఆమె లేచి నమస్కారం పెట్టింది.

"ఎమ్మే చదివిన అమ్మాయి సంతకం చూసి నా లెక్కే తప్పేమో అనుకున్నాను. వారం నుంచి పంజీలు తిరగేస్తున్నాను. మా తాత ఎప్పుడూ చెప్పేవాడు, సరస్వతీ పూజ నాడే, మాఘ పంచమికి, వేలిముద్ర వేశాను, ఆ నెల్లోనే ఊళ్లో ఓట్ల గోల మొదలైంది అని. ఓట్లు 1957లో. కానీ నోటి మాటకి విలువేముంది? మీ కాగితానికి ఉంటుంది."

"నేను 1957 అనే రాశాను కదా మాస్టారూ."

ఆయన తన ఫైల్లోంచి కాపీ తీసి చూపించాడు. అవతలి పక్షం దాఖలు చేసిన కాగితాల కాపీ అది. ప్రవీణ చేతిరాత. 1364కి 592 కలిపితే 1956. కింద ఆమె పేరు, చదువు, సంతకం. ఆమె పేజీ తిప్పింది. వెనక ఏమీ లేదు. తరువాతి కాగితం ఇంకేదో రసీదు.

"రెండో పేజీ ఏది?"

"రెండో పేజీ ఉందా?" అన్నాడు బిజయ్‌.

ఆమెకు చెవుల్లో రైలు సొరంగంలోకి వెళ్లినప్పటి హోరు వినిపించింది. "ఉన్నది ఉన్నట్టు" అన్న మాట గుర్తొచ్చింది. "ప్రతి పేజీ కిందా సంతకం పెట్టు" అన్న మాట గుర్తొచ్చింది. ముందు మామూలు లెక్క, తరువాత మార్పు. ఎక్కడ తెగాలో ముందే చూసుకుని చెప్పించిన పాఠం. ఆమె రాసిన ప్రతి అక్షరమూ నిజమే. దాన్ని సగానికి కోసి అబద్ధం చేశారు.

బిజయ్‌ తన చోటికి వెళ్లిపోయాడు. ప్రవీణ బెంచీ మీద కూలబడి, పక్కనున్న సంచి వైపు చూసింది. చెయ్యి దానంతట అదే జిప్పు లాగింది. ప్లాస్టిక్‌ కవరులో అసలు కాగితం. పొడి కాదు, ఏమీ కాదు, గట్టిగానే ఉంది. ఎడమవైపు కింది మూల వెనక్కి మడిచి ఉంది. చెదలు తినలేదు. విప్పింది.

మూలన తెలుగు రాత. సిద్దు ముత్తాత సంతకం, దాని పైన ఒక వరుస. "దుర్ముఖి నామ సం|| మాఘ శు 5."

ఇంగ్లీషూ ఒడియా అక్కర్లేదు, తెలుగింట్లో పుట్టినవాళ్లెవరైనా వేళ్ల మీద లెక్కపెట్టేస్తారు. తను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది, 2016 ఉగాది, దుర్ముఖి. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. అరవై తీసేస్తే 1956 ఉగాది. ఆ ఏడాదికి ఒకటే మాఘం, అదీ చిట్టచివర, 1957లో. వాళ్లన్నట్టు 1956 మాఘమే అయితే మూలన అంతకు ముందటి ఏడాది పేరు, మన్మథ, ఉండాలి. కోరాపుట్‌ ఆఫీసుల్లో తెలుగు చదవగలిగే గుమస్తాలకు కొదవ లేదు. అందుకే మడత.

మామగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆమె చేతిలో కాగితం చూసి ఆగిపోయారు.

"మీకు ముందే తెలుసు మావయ్యా. దీనికి నేనెందుకు?"

ఆయన మెల్లగా కూర్చున్నారు. "నాకు తెలిసినదానికి ఇలువేటి అమ్మీ. బట్టల కొట్టోడి మాట. ఒడియా సదువుకున్నవాళ్లు, ఎమ్మే అన్నవాళ్లు రాస్తే ఆఫీసు నమ్ముద్ది. బయటోళ్లని అడిగితే పూర్తిగా రాసేస్తారు."

అప్పుడు గుర్తొచ్చింది ఆ మొదటి ప్రశ్న. వంట కాదు, పాట కాదు. చుట్టాలందరికీ ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకుంది. అర్జీ పడి రెండేళ్లయిందని సిద్దే చెప్పాడు. పెళ్లిచూపులు మొన్న శ్రావణంలో.

సిద్దు రెండు గ్లాసుల టీతో వచ్చాడు. తండ్రి మొహం, ప్రవీణ మొహం చూసి గ్లాసులు బెంచీ మీద పెట్టేశాడు.

"నువ్వే సింపేవా, వకీలా?" అంది ఆమె.

"ఏటి?"

"రెండో పేజీ."

"సింపలేదే. ఇంట్లోనే ఉంది. దాచేను. అబద్ధం ఏటీ రాయించలేదు కదా నీ సేత. నువ్వు రాసిందే ఇచ్చేం" అన్నాడు.

"పెళ్లిచూపుల్లో నవ్వేవు. మీ నాన్న ఒడియా వచ్చా అని అడిగినప్పుడు. అది నన్ను చూసా, జవాబు వినా?"

సిద్దు ఆమె పక్కన కూర్చోబోయి కూర్చోలేదు. "రెండూ" అన్నాడు. "ముందు జవాబు. తరువాత నువ్వు. ఇప్పుడు నువ్వే."

నిజమేనేమో. అయినా ఆ నిజం కూడా సగమే చేతికిచ్చినట్టు అనిపించింది. టీ మీద మీగడ కట్టింది. లోపల నుంచి పేర్లు పిలిచారు.

అధికారిణి నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. కామేష్‌ లేచి, 1956 మాఘం అని, చట్టానికి ముందని, చదువుకున్నవాళ్లు చదివి రాసిచ్చారని చెప్పుకుపోయాడు. బిజయ్‌ తన వంతు వచ్చినప్పుడు తాత మాటలే చెప్పాడు, ఓట్ల గోల గురించి. అధికారిణి పెన్నుతో రాసుకుంది. తరువాత కాగితం ఎత్తి, "ఇది రాసినామె వచ్చారా?" అంది.

"ఇంట్లో ఆడపిల్ల మేడమ్‌, అవసరం లేదు" అన్నాడు కామేష్‌.

ప్రవీణ తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చింది. సిద్దు చెయ్యి ఆమె కొంగు అంచును తాకింది, పట్టుకోలేదు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"లెక్క కూడా మీదేనా? సన్‌కి 592 కలపడం?"

మామగారు నేల వైపు చూస్తున్నారు. గోడ మీద ఒడియా పంజీ వేలాడుతోంది, రాయగడ ఇంట్లో ఉన్నటువంటిదే. ప్రవీణ దాని వైపు చెయ్యి చూపించింది.

"లెక్క నాదే, మేడమ్‌. కానీ అది సునియా నుంచి డిసెంబరు వరకే చెల్లుతుంది. జనవరి వచ్చాక 593 కలపాలి. ఆ పంజీలో ఇవాళ సన్‌ 1433. నా పెళ్లి పోయిన నవంబరులో అయింది. అప్పుడూ 1433యే. ఈ పేజీ లెక్క ప్రకారం ఇవాళ 2025 జనవరి." మంచం మీద ఇదే మాటకు ఎంత నవ్వుకున్నారో. "ఈ లెక్కన నాకింకా పెళ్లి కాలేదండి."

ఎవరూ నవ్వలేదు. అధికారిణి పంజీ వైపు ఒకసారి, ప్రవీణ మెడలోని పసుపుతాడు వైపు ఒకసారి చూసింది.

"దీనికి రెండో పేజీ ఉంది. ఇక్కడికి రాలేదు. ఒక తెల్ల కాగితం ఇప్పిస్తే మళ్లీ రాసిస్తాను. అసలు కాగితం మామగారి దగ్గరే ఉంది. ఎడమ మూల మడత విప్పి చూడండి, తెలుగు చదివేవాళ్లని పిలిపించి."

గుమస్తా కాగితం, పెన్ను ఇచ్చాడు. ఆమె బల్ల చివర నిలబడే రాసింది. కంఠతా వచ్చిన మాటలు. మాఘం జనవరి తరువాతే వస్తుంది కాబట్టి ఈ కాగితం 1957 ఫిబ్రవరి నాటిది. కింద పేరు, చదువు, సంతకం. తేదీ రెండు విధాలా వేసింది, సన్‌ 1433 మాఘం, 2026 జనవరి.

అధికారిణి చదివి, ఫైల్లో పెట్టి, వచ్చే వాయిదా తేదీ చెప్పింది. అసలు కాగితాన్ని ఆఫీసులో ఉంచి వెళ్లమంది. బయటికి వస్తుంటే బిజయ్‌ ఆమె మొహం చూసి చేతులు జోడించాడు.

మెట్ల దగ్గర మామగారు ఆమెను దాటి నడిచి వెళ్లిపోయారు. సిద్దు ఆగాడు. మెడలో కొలత టేపు లేదు, అయినా చెయ్యి అలవాటుగా అక్కడికి పోయింది.

"రైలు నాలుగింటికి" అన్నాడు. "వస్తావా?"

"నేను మా నాన్న క్వార్టర్స్‌కి వెళ్తాను."

"ఎప్పుడొస్తావు?"

ప్రవీణ రోడ్డు దాటి ఆటో ఎక్కింది. కూర్చున్నాక గానీ గమనించలేదు, గుమస్తా పెన్ను ఇంకా ఆమె చేతిలోనే ఉంది.